జీతం సున్నా... మరి ఇన్సూరెన్స్?

నేను పేరోల్‌లో పనిచేసే రోజుల్లో ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. అవతల మా ఆఫీసు కుర్రాడే. వెన్ను ఆపరేషనై మూడు నెలలుగా జీతం లేని సెలవులో ఉన్నాడు. ఆ రాత్రి ఆస్పత్రిలో చేరింది మాత్రం అతను కాదు, వాళ్లమ్మ. క్యాష్‌లెస్ డెస్క్ దగ్గర కార్డు చూపిస్తే ‘ఈవిడ పేరు పాలసీలో లేదండీ’ అన్నారట.

సిస్టమ్ తెరిచి చూస్తే విషయం తెలిసింది. వాళ్ల అమ్మానాన్నల ప్రీమియంలో అతని వాటా నెలనెలా జీతంలోంచి కట్ అయ్యేది. జీతమే లేనప్పుడు దేంట్లోంచి కట్ అవుతుంది? మూడు నెలలు డబ్బు రాలేదు. ఇన్సూరెన్స్ చూసే టీమ్ ‘వీళ్లకి ఇక కవరేజ్ అక్కర్లేదేమో’ అనుకుని తీసేసిన పేర్ల లిస్టులో పెట్టి పంపేసింది. ఎవరూ కావాలని చేసింది కాదు. కాకపోతే ఎవరూ అతన్ని అడగలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు. ఆ రాత్రి అతను స్నేహితుల దగ్గర అప్పు చేసి అడ్వాన్స్ కట్టాడు.

ఒక్క మెయిల్ ముందే పెట్టి ఉంటే సరిపోయేది. ఈ వారం ఆ మెయిల్ గురించే మాట్లాడుకుందాం.

‘కంపెనీ మంచిది అక్కా!’

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి. మొన్న నవంబర్ 9న, ఆదివారం, బైక్ మీద వెళ్తూ పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రాడ్ వేశారు. మార్చి నెలాఖరు దాకా ఆఫీసు మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. వాడికి మిగిలున్న జీతంతో కూడిన సెలవులు 11. అవి నవంబర్ 24తో అయిపోయాయి. 25 నుంచి ఎల్‌ఓపీ, అంటే లాస్ ఆఫ్ పే.

డిసెంబర్ మొదట్లో చూడ్డానికి వెళ్తే మంచం మీంచే ఫోన్ చూపించాడు. ‘కంపెనీ మంచిది అక్కా, నవంబర్ జీతం మొత్తం వేశారు. ఒక్క రూపాయి కూడా కట్ చెయ్యలేదు.’

‘మీ పేరోల్ కటాఫ్ ఎప్పుడ్రా?’ అన్నాను.

‘అదేంటి?’

చాలామందికి తెలియనిది ఇదే. నెలాఖరున జీతం పడాలంటే పేరోల్ వాళ్లు లెక్క ముందే మూసేస్తారు. వీడి కంపెనీలో 20వ తేదీకి మూస్తారు. అప్పటికి వీడి ఎల్‌ఓపీ మొదలే కాలేదు. కాబట్టి నెలంతా పనిచేసినట్టే లెక్కేసి మొత్తం జీతం పంపేశారు. ఆ చివరి ఆరు రోజుల డబ్బు వాడిది కాదు. కంపెనీ పుస్తకాల్లో అది బాకీగా ఉంటుంది. డిసెంబర్‌లో కోద్దామంటే జీతం లేదు. జనవరిలోనూ లేదు. అలా మోసుకుంటూ వెళ్లి, మళ్లీ ఉద్యోగంలో చేరిన మొదటి జీతంలో ఒక్కసారిగా లాగేస్తారు. నాలుగు నెలలు జీతం లేకుండా గడిపి, మొదటి జీతం కోసం ఎదురుచూసే మనిషికి అప్పుడు తగులుతుంది అసలు దెబ్బ.

‘అయితే ఇప్పుడేం చెయ్యాలి? ఏం అడగాలో కూడా తెలీట్లేదు నాకు.’

‘పేపరూ పెన్నూ తీసుకో’ అన్నాను. ముందు లెక్క వేసుకున్నాం.

ఆరు రోజులకి ఎంత?

వాడి గ్రాస్ జీతం నెలకి 60,000. అందులో పీఎఫ్‌కి 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్‌కి 200, అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌కి 1,500 పోతాయి. చేతికొచ్చేది 56,500.

నవంబర్‌కి 30 రోజులు. రోజుకి 2,000. ఆరు రోజులకి 12,000. ఇది ఒక పద్ధతి. కొన్ని కంపెనీలు క్యాలెండర్ రోజులతో కాకుండా పనిదినాలతో లెక్కేస్తాయి. అప్పుడు శని, ఆదివారాలు పోగా ఎల్‌ఓపీ నాలుగు రోజులే. కానీ రోజు జీతం పెరుగుతుంది, ఎందుకంటే భాగించేది 30తో కాదు, ఆ నెల పనిదినాలతో. ఏ పద్ధతైనా తప్పు కాదు. రెండూ కలిపేస్తేనే తప్పు.

కలపడమంటే ఇలా. రోజు జీతం తీయడానికి 60,000ని 20 పనిదినాలతో భాగిస్తారు. రోజుకి 3,000 వస్తుంది. సెలవు రోజులు లెక్కేటప్పుడు మాత్రం శని, ఆదివారాలతో కలిపి ఆరు అంటారు. అప్పుడు కోత 18,000 అవుతుంది. రావాల్సిన దానికంటే 6,000 ఎక్కువ. కావాలని చేయరు. హెచ్‌ఆర్ పంపిన ఎక్సెల్‌లో క్యాలెండర్ రోజులుంటాయి, పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో పనిదినాలుంటాయి. రెండూ ఒకదానికొకటి తగిలేది మన జీతం మీదే. అందుకే ‘ఎంత కోస్తారు?’ అని మాత్రమే కాదు, ‘దేంతో భాగిస్తారు? ఏ రోజులు లెక్కలోకొస్తాయి?’ అని కూడా అడగాలి.

జీతం రానంత మాత్రాన ఏమేం ఆగుతాయి?

జీతం లేని నెలలో ప్రొఫెషనల్ ట్యాక్స్ కోత ఉండదు. పీఎఫ్ కూడా అంతే. వాడి వాటా పడదు, కంపెనీ వాటా కూడా పడదు. పాస్‌బుక్‌లో ఆ నెలలు ఖాళీగా కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు. అకౌంట్ మూతపడదు, ఉన్న బ్యాలెన్స్ మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. కంపెనీ ఆ రోజుల్ని పీఎఫ్ రిటర్న్‌లో జీతం లేని రోజులుగా చూపించాలి. మరీ ఇబ్బందైతే జబ్బు కారణం మీద పీఎఫ్‌లోంచి కొంత తీసుకునే వీలూ ఉంది.

అమ్మానాన్నల ఇన్సూరెన్స్ సంగతి మాత్రం వేరు. సాధారణంగా కంపెనీ ఏడాది ప్రీమియం ముందే కట్టేసి, మన వాటా నెలనెలా మన జీతంలోంచి రాబట్టుకుంటుంది. జీతం ఆగినా ఆ 1,500 బాకీ ఆగదు. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి, మార్చి కలిపితే 6,000. ‘ఆ 6,000 ఎలా తీసుకుంటారు? అప్పటిదాకా మావాళ్ల పేర్లు పాలసీలో ఉంటాయా?’ అని రాతపూర్వకంగా అడక్కపోతే, మొదట చెప్పిన రాత్రి ఫోనే గతి.

పేర్లు ఒకసారి తీసేస్తే మధ్యలో మళ్లీ చేర్చడం కష్టం. చాలా కంపెనీల్లో రెన్యువల్ దాకా ఆగాల్సిందే. ఈలోగా బయట విడిగా పాలసీ తీసుకుందామంటే, పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలావరకూ మొదటి రోజు నుంచే పాత జబ్బులకీ కవర్ ఉంటుంది. మా బాబాయికి షుగరూ, గుండె జబ్బూ రెండూ ఉన్నాయి. ఆ 6,000 వెనక ఉన్న అసలు విలువ అది.

ఇంకో చిక్కు రెన్యువల్. వీడి పాలసీ ఏప్రిల్ 1న మారుతుంది. ఎవరెవర్ని చేర్చాలో ఎంచుకునే లింక్ మార్చిలో ఆఫీసు మెయిల్‌కి వస్తుంది. పెద్ద సెలవులో ఉన్నవాళ్ల ఆఫీసు లాగిన్‌ని కొన్ని కంపెనీలు ఆపేస్తాయి. లింక్ వచ్చిన సంగతే తెలీదు. అందుకే సొంత మెయిల్ ఐడీ ఇచ్చి, అన్నీ దానికే పంపమని అడగాలి.

వాడికి తెలియని పాలసీ

‘నీకు యాక్సిడెంట్ పాలసీ ఉందా?’ అంటే ‘హెల్త్ కార్డు ఉందిగా’ అన్నాడు. రెండూ ఒకటి కాదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఆస్పత్రి బిల్లు కడుతుంది. గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ అని ఇంకోటి చాలా కంపెనీలు తీసుకుంటాయి. ప్రమాదంలో ప్రాణం పోతేనో, అంగవైకల్యం వస్తేనో డబ్బిచ్చేది. వాటిలో కొన్నింట్లో, కొన్నాళ్లు పనికి వెళ్లలేని పరిస్థితి వస్తే వారానికి ఇంత అని ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. అన్నింట్లో ఉండదు. ఉన్నా మనంతట మనం అడిగితేనే బయటపడుతుంది. జీతం ఆగిన మనిషికి వారం వారం లెక్కన డబ్బొచ్చే దారి ఉందా లేదా తెలుసుకోవడానికి మెయిల్‌లో ఒక్క లైను చాలు.

ఒక మాట. ఇలాంటి క్లెయిమ్ వేస్తున్నప్పుడు, సెలవులో ఖాళీగా ఉన్నాం కదా అని ఆఫీసు లాప్‌టాప్ తెరిచి నాలుగు పనులు చేసిపెట్టకండి. ‘పని చేయలేని స్థితి’ అని డాక్టరు రాసిన తేదీల్లోనే మీ లాగిన్ కనిపిస్తే ప్రశ్నలొస్తాయి.

జీతం తక్కువున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. నెలకి 21,000 లోపు జీతమై, పేస్లిప్‌లో ఈఎస్‌ఐ కోత ఉంటే, జబ్బు సెలవుకి ఈఎస్‌ఐ నుంచే నగదు వస్తుంది. రోజు సగటు జీతంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా. అంతకుముందు ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులకి కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి. సర్టిఫికెట్ ఈఎస్‌ఐ డాక్టర్‌దే అవసరం. కాబట్టి మీ మెయిల్‌లో మొదటి ప్రశ్న ‘నేను ఈఎస్‌ఐలో ఉన్నానా?’ అన్నదే.

మెయిల్ ఎవరికి? అందులో ఏం ఉండకూడదు?

పేరోల్‌కి పంపాలి. కాపీ హెచ్‌ఆర్‌కీ, మేనేజర్‌కీ. ఎందుకంటే పేరోల్ వాళ్లు సెలవు మంజూరు చేయలేరు. మంజూరైన తేదీల్ని జీతంగా మార్చడమే వాళ్ల పని. పోర్టల్‌లో మేనేజర్ అప్రూవల్ పడకపోతే డిసెంబర్ జీతం కూడా పూర్తిగా పడిపోయే ప్రమాదముంది. అప్పుడు బాకీ 12,000 కాదు, డెబ్బై వేల దాకా వెళ్తుంది.

డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రేలు ఈ మెయిల్‌కి తగిలించొద్దు. పేరోల్‌కి కావాల్సింది తేదీలు. ఏ ఎముక విరిగిందో, ఏ జబ్బో వాళ్లకి అనవసరం. అవి హెచ్‌ఆర్‌కి విడిగా పంపండి. కటాఫ్‌కి కనీసం వారం ముందు మెయిల్ వెళ్లాలి. మావాడు డిసెంబర్ 5న పంపాడు.

ఆఫీసుకి ఇంగ్లీషులోనే రాస్తాం. కానీ ముందు మన భాషలో ఆలోచించుకుంటే ఏదీ మర్చిపోం. మేం రాసుకున్నది ఇది:

> విషయం: జీతం లేని మెడికల్ లీవ్, నవంబర్ 25 నుంచి మార్చి 31 వరకు – జీతం, ఇన్సూరెన్స్ వివరాల కోసం (ఎంప్లాయీ నంబర్...)
>
> నమస్తే,
>
> నవంబర్ 9న జరిగిన ప్రమాదం వల్ల మెడికల్ లీవ్‌లో ఉన్నాను. నవంబర్ 24 వరకు నా జీతపు సెలవులు వాడుకున్నాను. నవంబర్ 25 నుంచి మార్చి 31 వరకు జీతం లేని సెలవుకి దరఖాస్తు పెట్టాను. మెడికల్ సర్టిఫికెట్లు హెచ్‌ఆర్‌కి విడిగా పంపాను. ఏప్రిల్ 1న తిరిగి చేరాలని అనుకుంటున్నాను.
>
> దయచేసి ఈ కింది విషయాలు తెలియజేయగలరు:
>
> 1. ఈ తేదీలు మీ రికార్డులో ఇలాగే ఉన్నాయా? మేనేజర్ అప్రూవల్ మీకు చేరిందా?
>
> 2. నవంబర్ జీతం పూర్తిగా జమైంది. నవంబర్ 25 నుంచి 30 వరకు ఆరు రోజుల ఎల్‌ఓపీకి నా లెక్క ప్రకారం 12,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి (60,000 ÷ 30 × 6). మీ లెక్క కూడా ఇదేనా? వేరైతే ఏ పద్ధతిలో లెక్కించారో తెలపండి. ఈ మొత్తాన్ని ఏప్రిల్, మే, జూన్ జీతాల్లో మూడు వాయిదాలుగా తీసుకోగలరా?
>
> 3. నా హెల్త్ ఇన్సూరెన్స్, మా అమ్మానాన్నల కవరేజ్ ఈ సెలవు కాలమంతా కొనసాగుతాయా? వాళ్ల ప్రీమియంలో నా వాటా నెలకి 1,500 చొప్పున నాలుగు నెలలకి 6,000. దీన్ని ఇప్పుడే బ్యాంకు ద్వారా కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఏ అకౌంట్‌కి పంపాలో తెలపండి.
>
> 4. ఏప్రిల్ రెన్యువల్‌లో మా కుటుంబాన్ని కొనసాగించాలని కోరుకుంటున్నాను. ఆ లింక్ నా సొంత మెయిల్‌కి పంపగలరా?
>
> 5. కంపెనీకి గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉందా? అందులో తాత్కాలికంగా పనిచేయలేని కాలానికి వారపు చెల్లింపు ఉంటే, క్లెయిమ్ ఎవరికి, ఎప్పటిలోగా పంపాలి?
>
> 6. జీతం లేని నెలల్లో పీఎఫ్ ఎలా చూపిస్తారు? సెలవులు జమ కావడం మీద, వార్షిక బోనస్ మీద ప్రభావం ఉంటుందా?
>
> ఆఫీసు మెయిల్ రోజూ చూడలేకపోతున్నాను. జవాబు, పేస్లిప్‌లు నా సొంత మెయిల్‌కి కూడా పంపగలరు. డిసెంబర్ కటాఫ్‌లోపు తెలియజేస్తే సహాయంగా ఉంటుంది.
>
> ధన్యవాదాలు.

ఇందులో ‘కష్టాల్లో ఉన్నాను, దయచూపండి’ అన్న మాట లేదు. పేరోల్ టేబుల్ మీద రోజుకి వందల మెయిళ్లుంటాయి. తేదీలూ, అంకెలూ, నంబర్లేసిన ప్రశ్నలూ ఉన్న మెయిల్‌కి జవాబు రాయడం తేలిక. ‘నా లెక్క ఇది, మీదీ ఇదేనా?’ అంటే అవతలివాళ్లు అవునో కాదో చెప్పి తీరాలి. ‘వివరాలు తెలపండి’ అంటే పాలసీ డాక్యుమెంట్ లింక్ ఒకటి వచ్చి పడుతుంది, అంతే.

జవాబు ఏమొచ్చింది?

నాలుగు రోజులకి వచ్చింది. తేదీలు సరే. కానీ మేనేజర్ అప్రూవల్ నిజంగానే పడలేదు. కాపీలో ఆయన కూడా ఉన్నాడు కాబట్టి ఆ సాయంత్రమే నొక్కేశాడు. 12,000 లెక్క సరే, మూడు వాయిదాలకి ఒప్పుకున్నారు. ప్రీమియం 6,000 ఒకేసారి ట్రాన్స్‌ఫర్ చేస్తే మార్చి దాకా కవరేజ్ ఉంటుందన్నారు. వాడు కట్టి, రసీదుతో పాటు ‘పేర్లు పాలసీలో ఉన్నట్టు కన్ఫర్మ్ చేయండి’ అని తిరుగు మెయిల్ పెట్టాడు. అక్కడితో ఆగకుండా ఇన్సూరెన్స్ యాప్‌లో లాగినై ఈ-కార్డులు డౌన్‌లోడ్ చేసి చూసుకున్నాడు. మెయిల్‌లో ‘ఉంది’ అనడం వేరు, కార్డు మీద పేరు కనిపించడం వేరు.

యాక్సిడెంట్ పాలసీ ఉంది. వారానికి 5,000 చొప్పున ఇచ్చే ఏర్పాటూ ఉంది. క్లెయిమ్ ఫారం, డాక్టరు సర్టిఫికెట్, ఆస్పత్రి ఎంఎల్‌సీ కాపీ, డ్రైవింగ్ లైసెన్స్, కంపెనీ ఇచ్చే లీవ్ సర్టిఫికెట్, చివర్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగారు. డాక్టరు సర్టిఫై చేసిన 16 వారాలకి 80,000 వచ్చింది. అడక్కపోతే ఆ పాలసీ ఉన్నట్టే తెలిసేది కాదు.

నిరాశపరిచిన జవాబులూ ఉన్నాయి. ఎల్‌ఓపీ కాలానికి సెలవులు జమ కావు. బోనస్ పనిచేసిన రోజుల నిష్పత్తిలోనే వస్తుంది. వాయిదాల వల్ల ఏప్రిల్‌లో చేతికొచ్చేది 56,500 కాదు, 52,500 అని ముందే తెలిసింది. మెయిల్ పెట్టకుండా ఉండుంటే 12,000, 6,000 కలిసి ఒకేసారి పోయి 38,500 వచ్చేది. బైక్ లోన్ ఈఎంఐ, రూమ్ అద్దె పెట్టుకున్నవాడికి ఆ 14,000 తేడా చిన్నది కాదు.

చేరిన రోజున ఇంకో మెయిల్

ఏప్రిల్ 1న వాడు కర్ర సాయంతో ఆఫీసుకెళ్లాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి ఇచ్చాడు. ‘ఇక అయిపోయింది కదా’ అంటే ‘లేదు, ఈ రోజే పేరోల్‌కి రెండు లైన్లు రాయి’ అన్నాను. పెద్ద సెలవులో ఉన్నవాళ్ల జీతాన్ని సిస్టమ్‌లో ఆపి ఉంచుతారు. మనిషి తిరిగొచ్చాడని 20వ తేదీలోపు ఎవరూ ఆ గుర్తు తీసేయకపోతే, ఏప్రిల్‌లో పనిచేసి కూడా జీతం రాదు.

రాశాడు. నెలాఖరున మెసేజ్ వచ్చింది నాకు. పేస్లిప్ స్క్రీన్‌షాట్. కోతల కాలమ్‌లో వాయిదా 4,000, ఇన్సూరెన్స్ 1,500. కింద 52,500. దాని కింద వాడి మాట: ‘అక్కా, లెక్క సరిపోయింది.’